కీబోర్డులకు నిధులు అడిగే ఉత్తరం

"ల్యాబులో కీబోర్డులు, మౌసులు పాడయ్యాయి, నిధులు ఇప్పించగలరు" అని రాస్తే హెడ్మాస్టరు గారు "చూద్దాం లెండి" అంటారు. ఏ సిస్టంలో ఏది, ఎలా పోయిందో రాయాలి. ఉదాహరణకు: "7వ సిస్టం మౌస్ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు ఫోల్డరు తెరుచుకుంటోంది. పక్క సిస్టానికి తగిలించినా అదే తీరు." ఈ రెండో వాక్యమే అసలు ఆధారం. లోపం సిస్టందో పోర్టుదో కాదని, బటన్ కింద స్విచ్ అరిగిందని దానితో తేలుతుంది.

కీబోర్డుకైతే నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కో కీ నొక్కి చూడాలి. అక్షరం చెరిగినా టైపవుతుంటే స్టిక్కర్లు చాలు, కొనమని అడగడం న్యాయం కాదు. కొన్ని కీలు కలిసికట్టుగా పలకడం మానేస్తే మాత్రం సాధారణంగా లోపలి పొర పోయినట్టే. బాగుచేయించే కంటే కొత్తది కొనడమే చవక. కొటేషన్ తెచ్చేముందు, పాత సిస్టంకు యూఎస్‌బీ పోర్టు ఉందో, గుండ్రటి పీఎస్/2 సాకెట్టే ఉందో చూసుకోండి.