ధర తగ్గినా కొనుగోలు తగ్గే వస్తువు: హునాన్ బియ్యం ఉదంతం

ఒక వస్తువు ధర తగ్గినప్పుడు వినియోగదారునిపై రెండు ప్రభావాలు పడతాయి. ఇతర వస్తువులతో పోల్చినప్పుడు అది చవక కావడం వల్ల వాటికి బదులు దానినే ఎక్కువగా కొనడం ప్రత్యామ్నాయ ప్రభావం. అదే డబ్బుకు కొనుగోలు శక్తి పెరగడం వల్ల కలిగే మార్పు ఆదాయ ప్రభావం. మొదటిది ఎన్నడూ కొనుగోలును తగ్గించదు. రెండవది నాసిరకం వస్తువుల విషయంలో వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. అది మొదటిదానిని మించితే డిమాండ్ సూత్రం తలకిందులవుతుంది. ఇటువంటి గిఫెన్ వస్తువును మార్షల్ 1895లోనే పేర్కొన్నప్పటికీ, నమ్మదగిన క్షేత్ర నిదర్శనం లభించడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ 2006లో చైనాలోని హునాన్, గాన్సు రాష్ట్రాలలో పట్టణ పేద కుటుంబాలకు ప్రధాన ఆహారంపై రాయితీ కూపన్లు ఇచ్చారు. హునాన్‌లో బియ్యం ధర 500 గ్రాములకు సుమారు 1.20 యువాన్లు, రాయితీ 0.10 నుండి 0.30 యువాన్ల వరకు ఉండేది. రాయితీ పొందిన హునాన్ కుటుంబాలు బియ్యం వాడకాన్ని తగ్గించాయి. గాన్సులో గోధుమ విషయంలో ఆధారం అంత బలంగా లేదు.

కారణాన్ని ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. ఒక వ్యక్తికి రోజుకు 2,100 కిలోకేలరీలు అవసరమనీ, బియ్యమైనా మాంసమైనా 600 గ్రాములతో ఆ అవసరం తీరుతుందనీ అనుకుందాం. కిలో బియ్యం 2.40, మాంసం 12 యువాన్లు. చేతిలో ఉన్నది 2.40 యువాన్లు. అతడు 500 గ్రాముల బియ్యం, 100 గ్రాముల మాంసం కొంటాడు. బియ్యం కిలో 2 యువాన్లకు దిగితే పాత పరిమాణాలపై 0.20 యువాన్లు మిగులుతాయి. 20 గ్రాముల బియ్యం మానుకొని, ఆ స్థానంలో మాంసం తీసుకుంటే అదనంగా అయ్యే ఖర్చు సరిగ్గా అంతే. కనుక బియ్యం 480 గ్రాములకు తగ్గుతుంది. మిగిలిన 0.20ను అతని నుండి తీసివేస్తే మళ్ళీ 500 గ్రాములకే వస్తాడు. అనగా కేలరీల అవసరం కట్టిపడేసిన ఈ స్థితిలో ప్రత్యామ్నాయ ప్రభావం శూన్యం, మార్పంతా ఆదాయ ప్రభావమే.

ఇక చేతిలో 1.20 యువాన్లే ఉన్న నిరుపేద సంగతి వేరు. అతడు మాంసం జోలికే పోలేడు. కొనే 500 గ్రాముల బియ్యం ధర తగ్గగానే 600 గ్రాములవుతుంది. హునాన్‌లోనూ కేలరీలలో 80 శాతానికి మించి ప్రధాన ఆహారం నుండే పొందే కుటుంబాలలో గిఫెన్ ప్రవర్తన కానరాలేదు. కలిగినవారిలోనూ అది ఉండదు, వారికి కేలరీల నిర్బంధం లేదు. అన్ని వర్గాలను కలిపి సగటు తీస్తే ఈ ప్రవర్తన మరుగున పడిపోతుంది.

పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే ఐర్లండ్ బంగాళాదుంప ఉదాహరణ ఈ పరీక్షకు నిలవదు. తెగులు వల్ల పంటే నశించినప్పుడు ప్రజలు అంతకు ముందుకన్నా ఎక్కువ దుంపలు తినడం అసాధ్యం. ధర మార్పు సరఫరా కొరత నుండి గాక, కూపన్ల వలె బయటి నుండి, యాదృచ్ఛికంగా ఎంపికైన కుటుంబాలకు కలిగినప్పుడే డిమాండ్ దిశ స్పష్టంగా తెలుస్తుంది.