గుండె వేగం పెరిగితే కేలరీలు కరిగినట్టేనా?

విజయవాడలో ఒకాయన ఉన్నాడనుకుందాం. వయసు 45, బరువు 80 కిలోలు. డిసెంబరు ఉదయం చల్లగా ఉన్నప్పుడు 40 నిమిషాలు చురుగ్గా నడిచాడు. గుండె సగటున నిమిషానికి 120 సార్లు కొట్టుకుంది. చేతికున్న వాచీ 436 కేలరీలు ఖర్చయ్యాయని చూపించింది. మే నెలలో అదే దారిలో అదే వేగంతో నడిచాడు. ఉక్కపోతకు గుండె వేగం 130కి చేరింది, వాచీ 496 అంది. నడక మానకుండా కొనసాగించి మళ్లీ డిసెంబరుకొచ్చేసరికి ఆయన ఒళ్లు అలవాటు పడింది. బరువు మారలేదు, అదే నడకకు గుండె వేగం 110 దగ్గరే ఆగింది. ఈసారి వాచీ 376 చూపించింది. కష్టపడి సాధించిన ఆరోగ్యానికి బహుమానంగా కేలరీలు తగ్గిపోయాయి.

మూడు రోజులూ మనిషి అదే, బరువు అదే, దూరం అదే, వేగం అదే. ఒళ్లు నిజంగా ఖర్చుపెట్టిన శక్తి మూడుసార్లూ దాదాపు ఒకటే. 80 కిలోల మనిషి గంటకు ఐదున్నర కిలోమీటర్ల వేగంతో 40 నిమిషాలు నడిస్తే ఆ ఖర్చు 250 కేలరీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే మూడు అంకెలూ ఒకదానితో ఒకటి కలవలేదు, నిజంతోనూ కలవలేదు.

ఆ అంకెలు నేను ఊహించి వేసినవి కావు, ఒక సూత్రం నుంచి లెక్కగట్టినవి. వాచీ కంపెనీలు తమ లెక్కల్ని పూర్తిగా బయటపెట్టవు. అయితే గుండె వేగం నుంచి కేలరీలు తీసే ప్రచురిత సూత్రాల్లో బాగా వాడుకలో ఉన్నది 2005లో దక్షిణాఫ్రికాకు చెందిన కీటెల్ బృందం ప్రకటించినది. ఇంటర్నెట్‌లో కనిపించే చాలా కేలరీ కాలిక్యులేటర్ల వెనుక ఉన్నది అదే. మగవారికి అది ఇలా ఉంటుంది:

```
EE = -55.0969 + 0.6309*HR + 0.1988*W + 0.2017*A
```

`HR` నిమిషానికి గుండె వేగం, `W` కిలోల్లో బరువు, `A` వయసు. వచ్చే `EE` నిమిషానికి ఖర్చయ్యే శక్తి. అది కిలోజౌళ్లలో వస్తుంది కనుక 4.184తో భాగిస్తే మనం మామూలుగా చెప్పుకునే కేలరీలవుతాయి. మన విజయవాడ మనిషి అంకెలు ఇందులో పెడితే నిమిషానికి 10.9 కేలరీలు వస్తాయి. 40 నిమిషాలకు 436.

ఈ సూత్రంలో దేని బలం ఎంతో ఒకసారి చూడండి. ఆయన బరువు 10 కిలోలు పెరిగితే 40 నిమిషాల లెక్కలో పెరిగేది 19 కేలరీలు. వయసు పదేళ్లు పెరిగినా అంతే, 19. గుండె వేగం 10 పెరిగితే మాత్రం ఏకంగా 60 పెరుగుతాయి. కాబట్టి వాచీ అంకె తప్పుదారి పట్టిందంటే ముందుగా అనుమానించాల్సింది గుండె వేగాన్నే.

అసలు గుండె వేగానికీ కేలరీలకూ సంబంధం ఏమిటి? కండరాలు శక్తి పుట్టించడానికి ఆక్సిజన్ వాడుకుంటాయి. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే సుమారు 5 కేలరీలు ఖర్చయినట్టు. ప్రయోగశాలలో ముఖానికి మాస్కు పెట్టి, పీల్చి వదిలే గాలిని కొలిచి ఈ లెక్క తీస్తారు. వాచీకి ఆక్సిజన్ కనిపించదు, గుండె దెబ్బలే కనిపిస్తాయి. ఇంజను చప్పుడు విని ఎంత పెట్రోలు కాలిందో చెప్పడం లాంటి పని అది. కండరాలకు చేరే ఆక్సిజన్ మూడు విషయాల మీద ఆధారపడుతుంది: గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ఒక్కో దెబ్బకు ఎంత రక్తం పంపుతోంది, ఆ రక్తంలోంచి కండరాలు ఎంత ఆక్సిజన్ లాక్కుంటున్నాయి. వాచీ చూసేది మొదటిదాన్నే. మిగతా రెండింటినీ వయసు, బరువు, ఆడా మగా అన్న వివరాలను బట్టి ఊహించుకుంటుంది.

మే నెలలో జరిగింది ఇదే. ఎండకు ఒళ్లు చల్లబరుచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమటతో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంది. ఒక్కో దెబ్బకు వెళ్లే రక్తం తగ్గేసరికి గుండె ఆ లోటును వేగంతో పూడ్చుకుంటుంది. కండరాలు అదనంగా చేసిన పనేమీ లేదు. ఎక్కువసేపు వ్యాయామం చేస్తే ఒకే వేగంతో సాగుతున్నా చివర్లో గుండె వేగం మెల్లగా పైకి జరుగుతుంటుంది. వాచీలో కేలరీలూ దానితోపాటే పెరుగుతాయి. కాఫీ, నిద్రలేమి, ఆందోళన, జ్వరం కూడా ఇలాగే మోసం చేస్తాయి. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి తప్పు అటు నుంచి ఇటు తిరుగుతుంది. ఆ మందులు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కనుక ఎంత నడిచినా వాచీ తక్కువే చూపిస్తుంది.

వయసు సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. వయసు పెరిగితే ఒంట్లో ఖర్చు తగ్గాలి కదా, సూత్రంలో ఎందుకు పెరుగుతోంది? గుండె అందుకోగల గరిష్ఠ వేగం వయసుతో తగ్గుతుంది. పాతికేళ్లవాడికి 120 అంటే తేలికపాటి పని. అరవై ఏళ్లవాడికి అదే 120 తన గరిష్ఠానికి బాగా దగ్గర, అంటే తన సామర్థ్యంలో పెద్ద వాటా వాడుతున్నాడన్నమాట. అందుకే ఒకే గుండె వేగం దగ్గర సూత్రం పెద్దవారికి కాస్త ఎక్కువ వేస్తుంది. గరిష్ఠ వేగానికి చాలా వాచీలు 220లోంచి వయసు తీసేసే పాత లెక్కనే వాడతాయి. దాని ప్రకారం మన మనిషికి 175. కానీ అదే వయసువారిలో పది పన్నెండు దెబ్బల తేడా సర్వసాధారణం. ఆ గరిష్ఠం మీద ఆధారపడ్డ లెక్కలన్నీ ఆ తేడాను మోసుకొస్తాయి.

ఆడవారి సూత్రంలో ఇంకో విచిత్రం ఉంది:

```
EE = -20.4022 + 0.4472*HR - 0.1263*W + 0.074*A
```

బరువు ముందు మైనస్ గుర్తు చూశారా? ఒకామె 10 కిలోలు పెరిగి, అదే గుండె వేగంతో 40 నిమిషాలు నడిస్తే సూత్రం ఆమెకు 12 కేలరీలు తగ్గిస్తుంది. బరువు మోస్తూ నడిచేవారికి ఖర్చు పెరగాలి కదా! కీటెల్ బృందమే ఫిట్‌నెస్‌ను కూడా కలిపి ఇంకో సూత్రం తయారుచేసింది. అందులో ఆడవారి బరువు గుర్తు ప్లస్‌గా మారిపోతుంది. దీన్నిబట్టి నాకు తోచేది ఇది: ఫిట్‌నెస్ సంగతి తెలియని సూత్రం దాని లోటును బరువుతో పూడ్చుకుంటోంది. బరువెక్కువ ఉన్నవారిలో ఫిట్‌నెస్ తక్కువగా ఉండటం, దాంతో కొద్దిపాటి పనికే గుండె వేగం పెరగడం ఆ బరువు పక్కనున్న అంకెలో చేరిపోయాయి. బరువెక్కువున్నా చక్కగా వ్యాయామం చేసే ఆమెకు ఈ లెక్క అన్యాయం చేస్తుంది.

ఆ రెండో సూత్రంలో ఫిట్‌నెస్‌కు కొలమానం ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్. వాచీలో `VO2 max` అని కనిపించేది అదే. ఒక్కో కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లో చెబుతుంది. మన మనిషి మొదట్లో 30 దగ్గర ఉన్నాడనుకుంటే 120 గుండె వేగంతో 40 నిమిషాలకు ఈ సూత్రం ఇచ్చేది 346. అదే వయసు, బరువు ఉండి 45 ఉన్న మనిషికి 404 దాకా వస్తాయి. ఫిట్‌గా ఉన్నవారి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతుంది, కాబట్టి ఒకే గుండె వేగం దగ్గర వారు ఎక్కువ పని చేస్తుంటారు. మన మనిషి 120తో నడుస్తుంటే, ఆ మనిషి 120తో పరిగెత్తుతుంటాడు.

అయినా 346 కూడా నిజమైన 250కి దూరంగానే ఉంది. దీనికి కారణం సూత్రం పుట్టిన చోటే ఉంది. కీటెల్ బృందం కొలిచింది క్రమం తప్పకుండా వ్యాయామం చేసే 115 మందిని, 18 నుంచి 45 ఏళ్ల మధ్యవారిని. వారి కొలతల మధ్య గీసిన సరళరేఖే ఈ సూత్రం. వ్యాయామం అలవాటున్నవారికి 120 అంటే గట్టి పనే, 436 వాళ్లకు బాగానే నప్పుతుంది. ఇప్పుడే నడక మొదలుపెట్టిన నడివయసు మనిషి ఆ రేఖ అంచున నిలబడతాడు. ఇంకా కిందికి వెళితే లెక్క పూర్తిగా చెదిరిపోతుంది. ఆయన కుర్చీలో కూర్చున్నప్పుడు గుండె వేగం 70 ఉంటే ఈ సూత్రం గంటకు 200 కేలరీలంటుంది. అసలు ఖర్చు అందులో సగం కూడా ఉండదు. అందుకే విశ్రాంతి సమయానికి వేరే లెక్క వాడాలి.

ఇవన్నీ గుండె వేగాన్ని వాచీ సరిగ్గా పట్టిందన్న నమ్మకంతో వేసిన లెక్కలు. వాచీ అడుగున ఆకుపచ్చ దీపం ఉంటుంది. అది చర్మంలోకి వెలుగు పంపి, రక్తం పొంగినప్పుడల్లా తిరిగొచ్చే వెలుగు తగ్గడాన్ని లెక్కపెడుతుంది. బెల్టు వదులైతే, చేయి బాగా ఊగితే, చలికి చర్మంలో రక్తం తగ్గితే ఆ సంకేతం మసకబారుతుంది. ఒక్కోసారి వాచీ నాడిని వదిలేసి చేతి ఊపునే పట్టుకుంటుంది. నిమిషానికి 115 అడుగులు వేస్తుంటే గుండె వేగం కూడా 115 అని కదలకుండా చూపిస్తుంది. అనుమానం వస్తే ఆగి, వెంటనే మెడ దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించండి. వాచీతో పది పన్నెండు దెబ్బల తేడా ఉంటే ఆ రోజు కేలరీలకు విలువ లేదు. బరువులెత్తేటప్పుడు మణికట్టు బిగుసుకుని కొలత ఇంకా పాడవుతుంది. పైగా ఆ పనిలో గుండె వేగం ఆక్సిజన్ వాడకంతో సమానంగా నడవదు.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 60 మంది చేతికి ఏడు రకాల పరికరాలు కట్టి, మాస్కు లెక్కతో పోల్చి చూశారు. ఆరు పరికరాలు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో పట్టాయి. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైన పరికరం కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా వెనకబడింది 93 శాతం తప్పింది. గుండె వేగం సరిగ్గా ఉన్నా సూత్రం దగ్గర లెక్క జారిపోతోందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

వాచీలో మీ బరువు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, బరువు మారినప్పుడు మార్చండి. మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన, జారకుండా కట్టుకోండి. ఒకే దారిలో, ఒకే వేగంతో, చల్లటి వేళ నడిచినప్పుడు గుండె వేగం నెలనెలా ఎలా మారుతోందో గమనించండి. అది తగ్గుతుంటే, గుండె వేగాన్ని తగ్గించే కొత్త మందేదీ మొదలుపెట్టకపోతే, మీ గుండె బలపడుతున్నట్టే. ఆ రోజు వాచీ కేలరీలు తక్కువ చూపించినా దిగులుపడకండి. మే నెలలో 496 చూపించిందని మాత్రం ఇంకో రెండు ఇడ్లీలు వేసుకోకండి.