డాబా ఓనరుది, కరెంటు బిల్లు మనది

పై అంతస్తులో అద్దెకుండేవారికి ఎండాకాలం ఏసీ బిల్లు వాచిపోతుంది. డాబాకు కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే స్లాబు వేడెక్కడం తగ్గుతుంది. కానీ ఖర్చు ఓనరుది, లాభం అద్దెదారుది. అందుకే అడిగేటప్పుడు లెక్క చూపాలి. హైదరాబాద్‌లో ఒక అద్దెదారు ఇలా రాయొచ్చు:

"అంకుల్, నమస్కారం. ఫిబ్రవరిలో మా బిల్లు 150 యూనిట్లు, మేలో 450. పెరిగిన 300 యూనిట్లూ కూలింగ్‌కే. పెయింట్‌తో అందులో పావు వంతు తగ్గినా నెలకు 75 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల చొప్పున మూడు నెలలకు 1,800 రూపాయలు మిగులుతాయి. 600 చదరపు అడుగులకు 12,000 అవుతుందన్నారు. 4,000 నేను పెట్టుకుంటాను, మిగతాది మీరు పెట్టండి. రెండు వేసవుల్లోపు ఖాళీ చేయాల్సి వస్తే నాకు సగం తిరిగివ్వండి."

ఓనరుకు ఒరిగేదేమిటి? ఎండకు స్లాబు పగుళ్లివ్వడం తగ్గుతుంది. పై పోర్షన్ ఖాళీగా ఉండదు.

పావు వంతు అన్నది అంచనాయే. దుమ్ము పట్టి తెలుపు మాస్తే ఫలితం తగ్గుతుంది. ఏటా వేసవికి ముందు డాబా కడిగే బాధ్యత ఎవరిదో కూడా మెసేజ్‌లోనే తేల్చుకోవాలి. మరుసటి మే బిల్లులో యూనిట్లు పోల్చి చూస్తే లెక్క నిజమైందో లేదో తెలుస్తుంది.