రెండు జవాబులూ సరైనవే అనిపిస్తే...

పిల్లల చరిత్ర క్విజ్‌కు ప్రశ్నలు తయారుచేసింది మేమే. అందులో ఒక ప్రశ్న ఇలా ఉంది: "యుఏఈ సమాఖ్య ఎన్ని ఎమిరేట్లతో ఏర్పడింది?" ఇచ్చిన జవాబులు 5, 6, 7, 9. మా కీలో సరైన జవాబు 7. మార్కులు వేసి, ఫలితాలు కూడా చెప్పేశాం. ఆ తర్వాత ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తన పేపరు పట్టుకుని వచ్చింది. "అంకుల్, ఏర్పడిన రోజున రాస్ అల్ ఖైమా లేదు కదా? నేను 6 పెట్టాను" అంది.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. 1971 డిసెంబరు 2న అబుదాబి, దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ కువైన్, ఫుజైరా, ఈ ఆరూ కలిసి సమాఖ్యగా ఏర్పడ్డాయి. రాస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరి 10న చేరింది. మేము "ఏర్పడింది" అని అడిగి, మనసులో మాత్రం "ఇప్పుడు ఎన్ని ఉన్నాయి" అనుకున్నాం. పేపర్లన్నీ తిరిగి తీసి చూస్తే, మిగతా ప్రశ్నల్లో బాగా రాసిన పిల్లలే ఎక్కువగా 6 పెట్టారు. బాగా చదివినవాళ్లంతా ఒకే "తప్పు" చేశారంటే అనుమానించాల్సింది ప్రశ్ననే. మార్కులు సరిచేశాం. ఆ పని చేస్తుండగా మాకు అర్థమైన విషయాన్ని ఇక్కడ రాస్తున్నాం. పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకూ, వాళ్లను కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నలకూ ఇది పనికొస్తుంది.

బహుళైచ్ఛిక ప్రశ్నలో దారి తప్పించడానికి పెట్టే జవాబును డిస్ట్రాక్టర్ అంటారు. చరిత్రలో మంచి డిస్ట్రాక్టర్ అబద్ధంగా ఉండదు. అది పక్క ప్రశ్నకు సరైన జవాబై ఉంటుంది. పై ప్రశ్నలో 7 ఈనాటి లెక్క. 9 కూడా ఊరికే పెట్టిన అంకె కాదు. 1968లో సమాఖ్య గురించి చర్చలు మొదలైనప్పుడు ఈ ఏడింటితో పాటు బహ్రెయిన్, ఖతార్ కూడా ఉన్నాయి. ఆ రెండూ 1971లో విడిగా స్వతంత్ర దేశాలయ్యాయి. కాబట్టి రెండు జవాబుల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు "ఇది నిజమా?" అని అడిగితే తేలదు, రెండూ నిజమే కావచ్చు. "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని అడగాలి.

మనకు బాగా తెలిసిన చరిత్రలోనే దీన్ని చూద్దాం. ప్రశ్న: "1952 డిసెంబరులో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించడానికి తక్షణ కారణం ఏది?"

అ) 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్ర మహాసభ
ఆ) పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ
ఇ) ఫజల్ అలీ కమిషన్ ఏర్పాటు
ఈ) పెద్దమనుషుల ఒప్పందం

నాలుగూ నిజంగా జరిగినవే, నాలుగింటికీ తెలుగువారి రాష్ట్రంతో సంబంధం ఉంది. ముందు తేదీలు పెట్టి చూడాలి. ఫజల్ అలీ కమిషన్‌ను వేసింది 1953 డిసెంబరులో. పెద్దమనుషుల ఒప్పందం 1956లో, తెలంగాణను ఆంధ్రతో కలిపే సందర్భంలో జరిగింది. తర్వాత జరిగినది ముందు జరిగినదానికి కారణం కాలేదు కాబట్టి ఆ రెండూ పోయాయి. ఇక మిగిలినవి అ, ఆ. రెండూ ప్రకటనకు ముందువే, రెండూ కారణాలే. ఇప్పుడు తేడా చూపేది ప్రశ్నలోని ఒకే ఒక్క మాట: "తక్షణ". ప్రత్యేక రాష్ట్రం కోరికకు 1913 బాపట్ల సభ ఒక వేదిక, కానీ దానికీ ప్రకటనకూ మధ్య దాదాపు నలభై ఏళ్లున్నాయి. శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజులకే, 19న, నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేశారు. జవాబు ఆ. ప్రశ్నలో "తక్షణ" తీసేసి "నేపథ్యంగా నిలిచిన తొలినాటి సభ ఏది?" అని మారిస్తే జవాబు అ అవుతుంది. ఆప్షన్లు మారలేదు, ప్రశ్న మారింది.

రెండో రకం డిస్ట్రాక్టర్ సగం నిజం. "1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం గురించి సరైనది ఏది?" అన్న ప్రశ్నకు రెండు జవాబులు ఇలా ఉన్నాయనుకోండి: "కర్నూలు రాజధాని, నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి"; "కర్నూలు రాజధాని, టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి". కర్నూలు కనిపించగానే పిల్లలు మొదటిదానికి టిక్ పెట్టేసి ముందుకు వెళ్లిపోతారు. ఇలాంటి వాక్యాన్ని కామా దగ్గర విరిచి, ఒక్కో ముక్కను విడిగా పరీక్షించాలి. రెండింటిలోనూ ఒకేలా ఉన్న ముక్క, అంటే కర్నూలు, ఇక్కడ ఏమీ తేల్చదు. దాన్ని వేలితో మూసేయండి. మిగిలింది ముఖ్యమంత్రి పేరు. సంజీవరెడ్డి ఆ మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి. ఆయన తొలి ముఖ్యమంత్రి అయింది 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు. ఇక్కడ జవాబు ప్రకాశం. ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ ఒకటే అనుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే పడతారు. ప్రశ్న రాసినవాళ్లు కోరుకున్నదీ అదే.

ఒక చిట్కాను మాత్రం నమ్మవద్దని చెప్పాలి. "మాత్రమే", "అన్నీ" వంటి మాటలున్న జవాబు తప్పు అని చాలామంది నేర్పుతారు. అది ఎప్పుడూ నిలవదు. "1953 ఆంధ్ర రాష్ట్రం మద్రాసు రాష్ట్రం నుంచి విడదీసిన ప్రాంతాలతో మాత్రమే ఏర్పడింది" అన్నది నిజం, ఎందుకంటే తెలంగాణ అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. ఆ మాట కనిపిస్తే కొట్టేయకండి, "మిగతావి ఏవైనా ఉన్నాయా?" అని ఒకసారి వెతకండి.

ఇంట్లో సాధన చేయించేటప్పుడు ముందు ఆప్షన్లను కాగితంతో మూసి, ప్రశ్నలోని సంవత్సరం, ప్రాంతం, "తొలి", "తక్షణ", "ముఖ్య" వంటి మాటల కింద గీత గీయించండి. పిల్లలు తమ జవాబు చెప్పాకే కాగితం తీయండి. రెండు మిగిలితే వాటిలో తేడాగా ఉన్న మాట ఏదో చూపించమని అడగండి. ఆ మాట గీత గీసిన ఏ మాటకు తగులుతుందో చూస్తే చాలాసార్లు తేలిపోతుంది. సరైన జవాబు దొరికాక కూడా వదలకండి. మిగిలిన మూడింటికీ సరిపోయే ప్రశ్నలు రాయించండి. ఇందులోనే అసలు చదువు జరుగుతుంది. తేదీలే తెలియకపోతే మాత్రం ఈ పద్ధతి ఏమీ చేయలేదు, 1953కూ 1956కూ తేడా పుస్తకంలోనే నేర్చుకోవాలి.

ఇంత చేసినా రెండూ సరైనవేనని తేలితే, మా పేపరులోలాగా ప్రశ్నే తప్పు కావచ్చు. పరీక్షలో అయితే ప్రశ్నలోని మాటలకు అక్షరాలా సరిపోయేది టిక్ చేసి, తర్వాత కారణంతో సహా టీచరును అడగాలి. ఆ అమ్మాయి చేసింది అదే. మా ప్రశ్న ఇప్పుడు ఇలా ఉంది: "1971 డిసెంబరు 2న ఏర్పడినప్పుడు యుఏఈలో ఎన్ని ఎమిరేట్లున్నాయి?" ఈసారి క్విజ్ ప్రశ్నలను ముందుగా చదివి తప్పులు పట్టే పని కూడా ఆ అమ్మాయికే అప్పజెప్పాం.