32 మందికీ ఒకే ‘గుడ్’... ఎలా రాస్తారు టీచర్ గారూ?

మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం వైపు బడుల్లో కొత్తగా చేరినవాళ్లలో మీరూ ఉంటే, పరీక్షలు అయ్యాక ఒక పని తప్పదు. అది ప్రోగ్రెస్ కార్డులో రిమార్కు గడి నింపడం. మార్కులు వేసేసరికే రాత్రి పదవుతుంది. ఇక రిమార్కు అంటారా... ‘గుడ్, కీప్ ఇట్ అప్’. తర్వాతి కార్డుకీ అదే.

దీనివల్ల నష్టమేంటో ఒక లెక్కతో చూద్దాం. ఐదో తరగతిలో 20 మార్కుల స్లిప్ టెస్ట్ పెట్టారనుకోండి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టును తలచుకుని ఇలా అడిగారు: ‘మొదటి కుప్పలో 402 కాయలున్నాయి. అవి రెండో కుప్పకన్నా 178 ఎక్కువ. రెండో కుప్పలో ఎన్ని?’ జవాబు 224. ముగ్గురు పిల్లలు ఈ లెక్కే తప్పు చేశారు. ముగ్గురికీ 16 మార్కులే, ముగ్గురికీ ‘గుడ్’. కానీ వాళ్లు రాసిన జవాబులు వేరు: 376, 234, 580.

376 రాసిన పాప ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసి 6 వేసింది. అంటే అప్పు తీసుకోవడం ఇంకా రాలేదు. 234 రాసిన బాబుకి అది వచ్చు. వందల స్థానం నుంచి అప్పు తెచ్చాడు, కానీ మధ్యలోని సున్నా 9 అవ్వాల్సిన చోట 10గానే ఉంచేశాడు. 580 రాసిన పాపకు తీసివేతతో ఇబ్బందే లేదు. ‘ఎక్కువ’ అన్న మాట కనబడగానే కూడేసింది. చూశారా, మార్కు ఒకటే అయినా కావలసిన సాయం మూడు రకాలు. ‘గుడ్’ అని రాస్తే ఆ తేడా కాస్తా మాయమైపోతుంది.

ఒక్క జవాబు చూసి తేల్చేయకండి, పొరపాటున కూడా అలా రావచ్చు. పక్కన కూర్చోబెట్టి 503 − 267 చేయించండి. సరైన జవాబు 236. మొదటి పాప 364, బాబు 246 రాస్తే మీ అనుమానం నిజమే. మూడో పాప 236 వేసేస్తుంది. తనచేత లెక్కను గట్టిగా చదివించండి, ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుంది.

ఇప్పుడు రిమార్కులు తిరగరాద్దాం.

మొదటి పాపకు: ‘అప్పు అవసరం లేని తీసివేతలు బాగా చేస్తోంది. పై అంకె చిన్నదైతే తడబడుతోంది. పుల్లల కట్టలతో మళ్లీ చేయిస్తున్నాం.’

బాబుకు: ‘అప్పు తీసుకోవడం వచ్చు. మధ్యలో సున్నా ఉంటేనే పొరపాటు. 402, 506 లాంటి సంఖ్యలతో రోజుకు రెండు లెక్కలు చాలు.’

మూడో పాపకు: ‘తీసివేత తప్పులేకుండా చేస్తుంది. రాత లెక్కను సగం చదివి మొదలుపెడుతోంది. ముందు బొమ్మ గీసి చూపించమని ఇంట్లోనూ అడగండి.’

మూడింటిలోనూ వరస ఒకటే: ఏది వచ్చు, ఎక్కడ ఆగింది, తర్వాత ఏం చేయాలి. ‘బద్ధకం’, ‘చురుకు’ లాంటి మాటలు లేవు, ఎందుకంటే అవి పిల్లల మీద వేసే ముద్రలే కానీ మీరు చూసిన పనులు కావు. పైగా తెలుగులో ఉన్నాయి కాబట్టి ఇంట్లో అమ్మమ్మ కూడా చదువుకోగలదు.

మరి ఇవన్నీ చివరి రోజు గుర్తొస్తాయా? రావు. అందుకే ఒక నోట్‌బుక్‌లో పిల్లకో పేజీ పెట్టుకోండి. రోజుకు నలుగురిని మాత్రమే గమనించి, ఒక్కో వాక్యం తేదీతో రాయండి. 32 మంది తరగతి ఎనిమిది పనిదినాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది.

పాత రిమార్కులు ఎన్నిసార్లు రిపీట్ అయ్యాయో చూడాలంటే స్ప్రెడ్‌షీట్ చాలు. A కాలమ్‌లో పేర్లు, B కాలమ్‌లో రిమార్కులు టైప్ చేసి, C2లో ఇది వేసి కిందికి లాగండి:

```
=COUNTIF(B:B,B2)
```

11 అని వస్తే ఆ వాక్యం 11 మందికి వెళ్లిందని అర్థం. అయితే ఇది అచ్చంగా ఒకేలా ఉన్నవాటినే పడుతుంది. ‘గుడ్’ని ‘వెరీ గుడ్’ చేస్తే 1 చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. కాబట్టి అసలు పరీక్ష వేరే ఉంది: పేరు చేత్తో మూసి, ఆ పిల్లలకే చెప్పే తోటి టీచర్‌కు రిమార్కు చదివి వినిపించండి. ఎవరిదో చెప్పగలిగితే పాస్.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి విద్యార్థి ప్రత్యేకత కనిపించే సమగ్ర ప్రోగ్రెస్ కార్డు కావాలంది. మన రాష్ట్రంలోనూ 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అలాంటి రోజున 234 రాసిన బాబు నాన్న మీ ఎదుట కూర్చుని, ‘మావాడు ఎలా ఉన్నాడండీ?’ అంటాడు. ‘సున్నా దగ్గర ఆగుతున్నాడండీ’ అని చెప్పగలిగితే, ఆ సాయంత్రం ఇంట్లో ఏం చేయించాలో ఆయనకు తెలిసిపోతుంది.