కొట్టేసిన ధరకు ఎవరు కొన్నారు?

దసరా సేల్‌లో ఏదో ఒక షాపింగ్ యాప్ తెరిచారనుకోండి. మూడు జార్ల మిక్సీ ఒకటి కనిపించింది. 6,999 రూపాయల ధర మీద అడ్డగీత ఉంది. పక్కనే 55 శాతం తగ్గింపు, కింద 3,149 రూపాయలు. నిన్నటిదాకా ఏడువేలకు అమ్మినదాన్ని ఈ రోజు సగానికి పైగా తగ్గించారని మనకు మనమే అనుకుంటాం. ఆ మాట మాత్రం పేజీలో ఎక్కడా రాసి ఉండదు.

మన దేశంలో ఆ కొట్టేసిన అంకె సాధారణంగా ఎంఆర్‌పీ, అంటే గరిష్ఠ చిల్లర ధర. పన్నులన్నీ కలుపుకొని అంతకు మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని చట్టం. దుకాణాల వాళ్లు ఇష్టారాజ్యంగా గుంజకుండా పెట్టిన కట్టుబాటు అది. 2018 నుంచి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు కూడా దాన్ని పేజీలో చూపించాలి. కానీ కొన్ని రకాల మందుల్లాంటివి వదిలేస్తే, ఆ అంకె ఎంత ఉండాలో తయారీదారో దిగుమతిదారో ఎవరికి వారే వేసుకుంటారు. రెండు వేలకు అమ్మదలచిన వస్తువు మీద ఆరు వేలు ముద్రిస్తే అడిగేవాళ్లు అరుదు. ఎక్కువ తీసుకోకుండా కాపాడాల్సిన ధరే ఇలా తగ్గింపు పెద్దదిగా చూపించడానికి పనికొస్తోంది. ఊరూ పేరూ లేని ఇయర్‌ఫోన్లకు, చేతిగడియారాలకు 85 శాతం తగ్గింపు ఉంటుందంటే కారణం ఇదే.

యూరోపియన్ యూనియన్‌లో 2022 మే నుంచి పద్ధతి మారింది. తగ్గింపు ప్రకటించే వ్యాపారి, అంతకు ముందు 30 రోజుల్లో తాను అమ్మిన కనిష్ఠ ధర ఎంతో చూపించాలి. మన దగ్గర ఆ లెక్క కొనేవాళ్లే చూసుకోవాలి.

అదేమంత కష్టం కాదు. వస్తువు ధర ఏ రోజు ఎంత ఉందో గ్రాఫ్ గీసి చూపే సైట్లున్నాయి. అమెజాన్‌కు కీపా, మన షాపింగ్ సైట్లకు బైహట్కే అలాంటివే. వస్తువు లింకు అందులో పెడితే చాలు. మన మిక్సీ గ్రాఫ్ ఇలా ఉందనుకుందాం: మూడు నెలలుగా 3,199కీ 3,299కీ మధ్యే తిరిగింది, సేల్‌కు రెండు వారాల ముందు 3,899కి ఎగబాకింది, సేల్ రోజున 3,149కి దిగింది. అంటే నిజంగా తగ్గింది 50 నుంచి 150 రూపాయలు. ఇంట్లో మిక్సీ పాడై ఉంటే 3,149 పెట్టి కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. 55 శాతం అన్న మాట చూసి కొంటేనే తప్పు.

గ్రాఫుకూ పరిమితులున్నాయి. పాత వస్తువునే కొత్త పేజీలో పెడితే చరిత్ర ఏమీ కనిపించదు. బ్యాంకు కార్డు తగ్గింపులు కూడా సాధారణంగా అందులోకి రావు. అప్పుడు పేరు కాకుండా మోడల్ నంబరు పట్టుకుని మిగతా సైట్లలో వెతకండి, మీ ఊరి ఎలక్ట్రికల్ షాపుకు ఫోన్ చేసి అడగండి. షాపుల్లో దొరకని, ఆన్‌లైన్‌కే పరిమితమైన మోడల్ అయితే వాట్లు, వారంటీ, జార్ల సైజు పోల్చుకోవడమే దారి.

ఇక టైమర్. ‘ఇంకా 9 నిమిషాలే’ అని సెకన్లు పరుగెడుతుంటే గ్రాఫ్ చూసే ఓపిక ఎవరికుంటుంది? టైమర్ పెట్టేదే అందుకు. అదే లింకును బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. అక్కడ మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలైతే, ఆ గడియారం ఆఫర్‌ది కాదు, మీ కోసం పెట్టింది. పెద్ద సైట్లలో టైమర్ నిజమే కావచ్చు, ఆఫర్ చెప్పిన వేళకే ముగియవచ్చు. అయినా అదే ధర వచ్చే వారం తిరిగి రాదనేమీ లేదు. గతంలో ఎన్నిసార్లు వచ్చిందో కూడా గ్రాఫే చెబుతుంది. ‘రెండే మిగిలాయి’ అన్నదీ అంతే. చాలాసార్లు అది ఆ ఒక్క అమ్మకందారు దగ్గరున్న సరుకు లెక్క. అదే పేజీలో మిగతా అమ్మకందారుల జాబితా తెరిస్తే ఇంకొకరి దగ్గర దొరకొచ్చు.

లేని తొందర పుట్టించడం మన దేశంలో ఇప్పుడు నిబంధనలకు విరుద్ధం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు ఎత్తుగడలున్నాయి. దొంగ టైమర్లు, దొంగ స్టాకు లెక్కలు, అడగకుండా కార్ట్‌లో సరుకు చేర్చడం వాటిలోవే. అలాంటిది ఎదురైతే టైమర్ కనిపించేలా రెండు వేర్వేరు సమయాల్లో స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.