అత్యవసర నిధికి ఆర్‌డీయా, లిక్విడ్ ఫండా? అపోహలు – వాస్తవాలు

ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాలనే మాటపై పెద్దగా వాదనలు రావు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఇంట్లో రెండు వర్గాలు తయారవుతాయి. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ వేస్తే నిశ్చింత అంటారు పెద్దవాళ్లు. ఫోన్‌లో రెండు నొక్కులు నొక్కితే లిక్విడ్ ఫండ్‌లో పడుతుంది, ఇంకా బ్యాంకు చుట్టూ తిరగడమెందుకంటారు పిల్లలు. రెండు వైపులా కొంత నిజముంది, కొంత అపోహ ఉంది.

లెక్క కోసం గుంటూరులో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు, బండి ఈఎంఐ, బీమా ప్రీమియం అన్నీ కలిపి నెలకు 30,000 రూపాయలు. అంటే వాళ్లకు కావలసిన నిధి 1,80,000. జీతంలో నెలకు 15,000 మిగల్చగలరు కాబట్టి పోగవడానికి ఏడాది పడుతుంది.

అపోహ 1: ఆర్‌డీకి వడ్డీ ఎక్కువ, కాబట్టి అదే లాభం.

వాస్తవం: ఏడాది ఆర్‌డీకి బ్యాంకు 6.5 శాతం ఇస్తోందనుకుందాం. 1,80,000 మీద 6.5 శాతమంటే 11,700 వస్తుందని చాలామంది లెక్క వేసుకుంటారు. చేతికొచ్చేది దాదాపు 6,430 మాత్రమే. ఇందులో మోసమేమీ లేదు. మొదటి నెల కట్టిన 15,000 ఏడాదంతా వడ్డీ తెస్తుంది, ఆఖరి నెల కట్టింది ఒక్క నెలకే తెస్తుంది. సగటున చూస్తే మన డబ్బు బ్యాంకులో ఉన్నది ఆరున్నర నెలలే.

ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. ఆర్‌డీ డబ్బు పోగు చేసే ఏర్పాటు. పన్నెండో వాయిదా కట్టి, గడువు తీరాక మొత్తం పొదుపు ఖాతాలోకి వచ్చిపడుతుంది, ఆర్‌డీ పని అయిపోతుంది. కానీ అత్యవసర నిధి పని అప్పుడే మొదలవుతుంది. అది రెండేళ్లు ఉండాలో పదేళ్లు ఉండాలో ఎవరికీ తెలియదు. లిక్విడ్ ఫండ్‌కు గడువంటూ ఉండదు కాబట్టి నిల్వ ఉంచడానికి అది పనికొస్తుంది. ఈ రెండింటినీ వడ్డీ రేటుతో పోల్చి తేల్చుకోవడం వల్లే తికమక వస్తుంది.

పైగా రెండింటి రాబడిలో తేడా కూడా ఏమంత ఎక్కువ కాదు. 1,80,000 మీద అర శాతం తేడా అంటే ఏడాదికి 900 రూపాయలు, నెలకు 75. పన్నులోనూ పెద్ద తేడా లేదు. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న లిక్విడ్ ఫండ్ యూనిట్ల లాభానికైనా, ఆర్‌డీ వడ్డీకైనా మీ శ్లాబు రేటే వర్తిస్తుంది. ఆర్‌డీ వడ్డీని ఏటా ఆదాయంలో చూపాలి, ఫండ్ లాభాన్ని అమ్మినప్పుడు చూపితే చాలు.

అపోహ 2: ఆర్‌డీని మధ్యలో తీస్తే బాగా నష్టపోతాం.

వాస్తవం: లెక్క వేసి చూస్తే ఆ భయం నిలవదు. మన గుంటూరు కుటుంబం ఏడు నెలలు కట్టి ఆర్‌డీ మూసేయాల్సి వచ్చిందనుకుందాం. అప్పటికి కట్టింది 1,05,000. బ్యాంకులు సాధారణంగా ఒప్పుకున్న రేటు వదిలేసి, డబ్బు నిజంగా ఉన్న కాలానికి వర్తించే రేటు తీసుకుని, అందులోంచి అర శాతమో ఒక శాతమో తగ్గిస్తాయి. ఆ రేటు 5.5 అయి, ఒక శాతం కోత పడితే మిగిలేది 4.5. వచ్చే వడ్డీ సుమారు 1,575. కోత లేకుండా 6.5 చొప్పున వస్తే 2,275 వచ్చేది. అంటే నష్టం 700 రూపాయలు. అసలులో పైసా తగ్గదు.

అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. ఇరవై వేలే కావాలన్నా సాధారణ ఆర్‌డీలో కొంత తీసుకునే వీలుండదు, మొత్తం మూసేయాలి. కొన్ని బ్యాంకులు డిపాజిట్ మీద అప్పు ఇస్తాయి. అది దొరికితే మూయక్కర్లేదు, కానీ ఆ సంగతి ముందే అడిగి ఉంచుకోవాలి. రెండో ఇబ్బంది ఇంకా చిత్రమైనది. ఉద్యోగం పోయిన నెలలోనే వాయిదా కూడా కట్టలేం. తప్పిన వాయిదాకు చాలాచోట్ల నెలకు వందకు రూపాయి, రూపాయిన్నర చొప్పున జరిమానా వేస్తారు. 15,000 వాయిదాకు అది 150 నుంచి 225 రూపాయలు. ఆదుకోవాల్సిన ఖాతాయే ఆ నెలలో మనల్ని డబ్బు అడుగుతుందన్నమాట. లిక్విడ్ ఫండ్‌లో సిప్ పెట్టుకుంటే ఫండ్ సంస్థ జరిమానా వేయదు. కానీ ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి వెళితే బ్యాంకు వడ్డిస్తుంది. జీతం ఆగిందని తెలియగానే సిప్‌ను ఆపేయడం మంచిది.

పోస్టాఫీసు ఆర్‌డీ సంగతి వేరు. దాని గడువు ఐదేళ్లు, మూడేళ్లు నిండే దాకా మధ్యలో మూయనివ్వరు. ఏడాది కట్టాక అప్పు దొరుకుతుంది, అదీ జమ అయిన దాంట్లో సగం వరకే. అత్యవసర నిధికి అది పనికిరాదు.

అపోహ 3: లిక్విడ్ ఫండ్ అంటే ఏటీఎం లాంటిదే, నొక్కగానే డబ్బు.

వాస్తవం: పనిదినాన మధ్యాహ్నం మూడు లోపు అమ్మితే డబ్బు సాధారణంగా మర్నాటి పనిదినానికి ఖాతాలో పడుతుంది. మూడు దాటితే ఇంకో పనిదినం ఆగాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి అమ్మారనుకోండి. అది సోమవారం లెక్కలోకి వెళుతుంది, డబ్బు మంగళవారం వస్తుంది. మధ్యలో పండగ సెలవు వస్తే బుధవారం. శుక్రవారం రాత్రి ఆస్పత్రి కౌంటర్‌లో అడ్వాన్స్ కట్టమంటే ఈ డబ్బు అక్కరకు రాదు.

దీనికి విరుగుడుగా కొన్ని ఫండ్ సంస్థలు ఇన్‌స్టంట్ రిడెంప్షన్ ఇస్తాయి. నిమిషాల్లో డబ్బు వస్తుంది. అయితే సెబీ దానికి హద్దు పెట్టింది. ఒక స్కీములో ఒక మదుపరికి రోజుకు 50,000 లేదా ఉన్న విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది. ఈ సదుపాయం అన్ని ఫండ్లలో ఉండదు, ఫండ్‌లో ఉన్నా దాన్ని ఇవ్వని యాప్‌లూ ఉన్నాయి. కొనే ముందే చూసుకోవాలి.

ఇంకో చిన్న భయం ఎగ్జిట్ లోడ్. లిక్విడ్ ఫండ్‌లో అది మొదటి ఆరు రోజులకే వర్తిస్తుంది. మొదటి రోజే తీసేసినా లక్షకు ఏడు రూపాయలు పోతాయి. ఏడో రోజు నుంచి అదీ లేదు.

అపోహ 4: ఫండ్‌లో డబ్బు గాలిలో దీపం, బ్యాంకులో డబ్బుకు ఏ ఢోకా లేదు.

వాస్తవం: ఈ మాటలో రెండు సగాలూ కాస్త తప్పే. లిక్విడ్ ఫండ్ 91 రోజుల్లోపు గడువు తీరే ట్రెజరీ బిల్లులు, బ్యాంకుల సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్లు, కంపెనీల కమర్షియల్ పేపర్లలో డబ్బు పెడుతుంది. గడువు అంత తక్కువ కాబట్టి వడ్డీ రేట్లు మారినా విలువ పెద్దగా ఊగదు. కానీ అప్పు తీసుకున్న కంపెనీ చెడితే దెబ్బ తగులుతుంది. 2017 ఫిబ్రవరిలో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ పేపర్ రేటింగ్ పడిపోయినప్పుడు టారస్ లిక్విడ్ ఫండ్ విలువ ఒక్క రోజులో సుమారు 7 శాతం తగ్గింది. లక్ష పెట్టినవాళ్లకు ఏడు వేలు పోయినట్టు. తర్వాత సెబీ నియమాలు బిగించింది. కనీసం 20 శాతం డబ్బు నగదు, ప్రభుత్వ పత్రాల వంటి వాటిలోనే ఉంచాలంది. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు పథకాలు మూసిన సంగతి చాలామంది లిక్విడ్ ఫండ్ల ఖాతాలో రాస్తారు. ఆ ఆరింటిలో లిక్విడ్ ఫండ్ ఒక్కటీ లేదు.

ఎలా ఎంచుకోవాలి? ఫండ్ ప్రకటించే పోర్ట్‌ఫోలియో తెరిచి చూడండి. ట్రెజరీ బిల్లులు, పెద్ద బ్యాంకుల పేర్లు, అత్యధిక రేటింగైన ఏ1+ పేపర్లే కనిపించాలి. తోటి ఫండ్లకన్నా రాబడి ఎక్కువగా కనిపిస్తే సంతోషించకండి, ఆ ఎక్కువ ఏ కంపెనీ పేపర్ నుంచి వస్తోందో వెతకండి.

ఇక బ్యాంకు వైపు. ఒక బ్యాంకులో ఒక డిపాజిటర్‌కు ఉన్న అన్ని ఖాతాలూ కలిపి, అసలూ వడ్డీతో సహా 5 లక్షల వరకు బీమా ఉంది. మన 1,80,000 ఆ హద్దులోనే ఉంటుంది, కాబట్టి డబ్బు పోదు. కానీ సమయానికి అందుతుందా అన్నది వేరే ప్రశ్న. 2019 సెప్టెంబరులో పీఎంసీ బ్యాంకుపై ఆంక్షలు పెట్టినప్పుడు మొదట ఖాతాదారులు తీసుకోగలిగింది వెయ్యి రూపాయలు. 2021లో చట్టం మార్చాక ఇలాంటి ఆంక్షలు పెడితే బీమా సొమ్ము 90 రోజుల్లో ఇవ్వాలి. గుంటూరు కుటుంబానికి అది మూడు నెలల ఖర్చు. అందుకే పావు శాతం ఎక్కువ ఇస్తోందని చిన్న సహకార బ్యాంకులో ఈ నిధి పెట్టడం తెలివైన పని కాదు.

అపోహ 5: నామినీ పేరు రాశాం, ఇంట్లోవాళ్లకు ఇబ్బంది ఉండదు.

వాస్తవం: నామినీ హక్కు ఖాతాదారు మరణించాకే పనిచేస్తుంది. సంపాదించే మనిషి ఐసీయూలో స్పృహ లేకుండా ఉంటే భార్య నామినీ అయినా రూపాయి తీయలేదు. అత్యవసర నిధి అక్కరపడేది సరిగ్గా అలాంటి రోజునే. చాలా యాప్‌ల ద్వారా తెరిచే ఫండ్ ఫోలియోలు ఒక్కరి పేరు మీదే ఉంటాయి, ఓటీపీ వచ్చేది ఆ ఒక్కరి ఫోన్‌కే. జాయింట్‌గా కావాలంటే ఇద్దరి పేర్లతో ‘ఎనీవన్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో ఫోలియో అడిగి తెరుచుకోవాలి.

ఆర్‌డీలోనూ ఒక మెలిక ఉంది. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ అని రాసినా, అది గడువు తీరాక తీసుకోవడానికే ధీమా. గడువుకు ముందు మూయాలంటే ఇద్దరి సంతకాలూ అడగవచ్చు. ఒక్కరి సంతకంతో ముందే మూసే వీలు కావాలని ఖాతా తెరిచేటప్పుడే రాసివ్వమని బ్యాంకును అడగాలి.

మరి ఆ కుటుంబం ఏం చేయాలి?

పోగయ్యే ఏడాదిలో మొదటి నాలుగు నెలల 15,000 నేరుగా భార్యాభర్తల జాయింట్ పొదుపు ఖాతాలో ఉంచాలి. ఆ 60,000 అర్ధరాత్రయినా అందే రెండు నెలల ఖర్చు. తర్వాతి ఎనిమిది నెలలు ఆర్‌డీయా, సిప్పా అన్నది మనిషి తీరును బట్టి తేల్చుకోవాలి. చేతిలో డబ్బు కనిపిస్తే ఖర్చుచేసే ఇల్లయితే ఆర్‌డీ మేలు, మొత్తం మూసేయాల్సిరావడమనే ఇబ్బందే అక్కడ కట్టడిగా పనిచేస్తుంది. ఆదాయం ఒక నెల వచ్చి ఒక నెల రాని ఇల్లయితే జరిమానా లేని లిక్విడ్ ఫండ్ మేలు. ఆర్‌డీ ఎంచుకున్నా, గడువు తీరిన రోజున ఆ 1,20,000ను జాయింట్ ఫోలియో ఉన్న లిక్విడ్ ఫండ్‌కు మార్చాలి. ఫండ్ వద్దనుకునేవాళ్లు దాన్ని ముప్పై వేల చొప్పున నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసుకుంటే ఒకటి మూసినా మిగతా మూడూ కదలవు.

అన్నీ అమరాక ఒక పరీక్ష పెట్టుకోండి. ఏదో ఒక శుక్రవారం సాయంత్రం, ఖాతాలు చూసుకునే మనిషి కాకుండా రెండో మనిషి తన ఫోన్ నుంచి ఫండ్‌లో వెయ్యి రూపాయలు అమ్మి చూడాలి. డబ్బు ఏ రోజు, ఏ ఖాతాలో పడిందో, మధ్యలో ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసి బీరువాలో బీమా పత్రాలతోపాటు పెట్టుకోవాలి.